13,000 చెబితే 4,000 అడిగిన ఆయనకి ఏం రాయాలి?

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. మా ఆయనకి వైజాగ్ ట్రాన్స్‌ఫర్ అయింది, ఈ నెల 30న ఇల్లు ఖాళీ చేస్తున్నాం. ఇంకా 20 రోజులుంది. అక్కడ అత్తగారింట్లో వాషింగ్ మెషీన్ ఉంది కాబట్టి మాది అమ్మేద్దామని ఆన్‌లైన్‌లో పెట్టాను. 7 కిలోల ఫ్రంట్ లోడ్, 2021 అక్టోబర్‌లో 28,500కి కొన్నాం. ఒక్కసారి కూడా రిపేర్ రాలేదు. “అర్జెంట్ సేల్, 13,000, నెగోషియబుల్” అని రాశాను. అరగంటలో ఒకాయన “4000 ఇస్తా అక్కా, ట్రాలీ ఉంది, ఇప్పుడే వచ్చి తీసుకుపోతా” అని మెసేజ్ పెట్టాడు. ఒళ్లు మండింది. షాపులో ఎక్స్‌ఛేంజ్‌కి 2,500 అన్నారు కాబట్టి 4,000 నయమే, ఇచ్చెయ్యమంటారు మా ఆయన. నాకేమో బ్లాక్ చెయ్యాలనిపిస్తోంది. అవమానంగా అనిపించకుండా, అలాగని లోకువైపోకుండా ఏం సమాధానం రాయాలి? మాది మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు.
– ఒక పాఠకురాలు

జవాబు: బ్లాక్ చెయ్యకండి. ఆయన మీకు పనికొస్తాడు, కాకపోతే ఇవాళ కాదు. ఎందుకో చెప్పేముందు నేను చేసిన తెలివితక్కువ పని ఒకటి చెబుతాను.

కొన్నేళ్ల కిందట ఇల్లు మారుతూ డైనింగ్ టేబుల్ 9,000కి పెట్టాను. ఒకాయన 3,000 అడిగాడు. నాకూ మీలాగే మండి, “ఆ డబ్బుకి కుర్చీల కాళ్లు కూడా రావు” అని టైప్ చేసి పంపించాను. పంపాక కాసేపు బాగానే అనిపించింది. తర్వాత రెండు వారాల్లో నలుగురు వచ్చి చూశారు, ఒక్కరూ కొనలేదు. సామాను లారీ ఎక్కే రోజు పొద్దున సిగ్గు చంపుకుని ఆయనకే ఫోన్ చేశాను. “కాళ్లు కూడా రావన్నారుగా మేడమ్, వద్దులెండి” అని నవ్వి పెట్టేశాడు. టేబుల్ వాచ్‌మన్ ఇంటికి వెళ్లింది. వాళ్లకి పనికొచ్చింది, అది వేరే సంగతి.

మీకు మెసేజ్ పెట్టిన ఆయన మెషీన్ ఎన్నేళ్లదని అడగలేదు, బిల్లుందా అనలేదు, తిప్పి చూపిస్తారా అనలేదు. ట్రాలీ మాత్రం ఉందన్నాడు. ఇంట్లో వాడుకోవడానికి కొనేవాళ్ల దగ్గర ట్రాలీ సిద్ధంగా ఉండదు. ఆయన ప్రొఫైల్ తెరిచి చూడండి, ఇంకో నాలుగు ఫ్రిజ్‌లు, రెండు ఏసీలు అమ్మకానికి కనిపిస్తే ఇక అనుమానమే లేదు. పాతవి కొని, బాగుచేసి అమ్ముకునే షాపతను. ఆయనకి మీ మెషీన్ మీద చిన్నచూపేమీ లేదు, ఆయన లెక్క ఆయనకుంది.

ఆ లెక్క ఒకసారి చూద్దాం. మీ మెషీన్‌ని బాగు చేసి, మూడు నెలల గ్యారంటీ ఇచ్చి ఆయన 11,000కి అమ్మగలడనుకోండి. ట్రాలీకి 700. మూడో అంతస్తు నుంచి దింపడానికి ఇద్దరు మనుషులకి 600. ఫ్రంట్ లోడ్ అంటే 60 కిలోల పైమాటే, లోపల డ్రమ్ము ఊగకుండా కాంక్రీట్ దిమ్మెలు పెడతారు. బేరింగ్ మార్చాల్సి వస్తుందేమోనని 2,000 పక్కన పెట్టుకుంటాడు. మీరు బాగుందంటారు సరే, ఆయన ఇంకా చూడలేదుగా. ఇవన్నీ కలిపితే 3,300. షాపు అద్దెకి, తన కష్టానికి 2,700 చూసుకున్నా మీకు ఇవ్వగలిగింది 5,000. ఆ 5,000 దగ్గర తేలడానికే 4,000తో మొదలుపెట్టాడు. అంకెలు ఒక షాపుకీ ఇంకో షాపుకీ మారతాయి గానీ లెక్క పద్ధతి మాత్రం ఇదే.

ఇందులో మీకు నచ్చని సంగతి కూడా ఒకటుంది. బాగుచేసి గ్యారంటీ ఇచ్చే షాపులో 11,000కి దొరికేదాన్ని, ఏ గ్యారంటీ లేకుండా మీ దగ్గర 13,000 పెట్టి ఎవరు కొంటారు? మీరు 28,500 పెట్టారు కాబట్టి సగానికి కాస్త తక్కువ న్యాయమే అనిపిస్తుంది. కొనేవాళ్లు మాత్రం మీరెంత పెట్టారో చూడరు, ఇవాళ తమకి ఇంకెక్కడ ఎంతకి వస్తుందో చూస్తారు. మీకు రిపేర్ రాని మెషీన్, అసలు బిల్లు అనే బలం ఉంది. కొన్ని కంపెనీలు మోటారుకి 10 ఏళ్ల వారంటీ ఇస్తాయి, మీ కార్డులో అది ఉంటే ఇంకా సగానికి పైగా మిగిలే ఉంది. వీటి బలం మీద 11,500 అడగండి, 10,000 వస్తే ఇచ్చెయ్యండి. ఆ 10,000 అంకె మీకూ మీ ఆయనకీ తప్ప ఎవరికీ తెలియకూడదు. ముఖ్యంగా మీ ఇద్దరూ ఒకే అంకె మీద ఉండాలి. చూడటానికి వచ్చినవాళ్ల ముందు మీరు “11,000” అంటుంటే ఆయన వెనకనుంచి “పోనీలే, ఇచ్చెయ్” అనే సీన్ చాలా ఇళ్లలో జరుగుతుంది, మా ఇంట్లో అయితే రెండుసార్లు జరిగింది.

జవాబు రాసేముందే ప్రకటన మార్చండి. “అర్జెంట్ సేల్” తీసెయ్యండి. ఆ మాట చదివిన షాపతనికి అర్థమయ్యేది ఒక్కటే, మీకు గడువుంది, చివరికి ఎంతకైనా ఇచ్చేస్తారు. “నెగోషియబుల్” కూడా తీసెయ్యండి. మనవాళ్లు ఎలాగూ బేరమాడతారు, దానికి ప్రత్యేకంగా పిలుపు అక్కర్లేదు. కోఠి సుల్తాన్ బజార్లో సగానికి సగం అడిగి మొదలుపెట్టడం మనందరికీ అలవాటే, అక్కడ అమ్మేవాడూ దానికి తగ్గట్టే రెట్టింపు చెబుతాడు. ఆన్‌లైన్‌లో మీరు రెట్టింపు చెప్పలేదని అవతలివాళ్లకి తెలియదు కదా. అందుకే ధర పక్కన కారణం కనిపించాలి. కొన్న నెల, బిల్లు ఫోటో (పేరు, ఫోన్ నంబర్ మీద వేలు పెట్టి తీయండి), మెషీన్ వెనకవైపు ఫోటో, తలుపు చుట్టూ ఉండే రబ్బరు ఫోటో. చివరి స్పిన్ తిరుగుతున్నప్పుడు ఫోన్‌లో అరనిమిషం వీడియో తీసి పెట్టుకుంటే ఇంకా మంచిది, అడిగినవాళ్లకి పంపొచ్చు.

ఇప్పుడు ఆయనకి ఇలా రాయండి:

“నమస్తే అండీ. మెసేజ్ పెట్టినందుకు థాంక్స్. 4,000కి ఇవ్వలేనండీ. 2021 అక్టోబర్‌లో కొన్నది, బిల్లు ఉంది, ఇంతవరకు రిపేర్ రాలేదు. ధర 11,500. చూడాలంటే సాయంత్రం 6 తర్వాత రండి, నీళ్లు పెట్టి తిప్పి చూపిస్తాను.”

ఇంతే, ఇంకేం కలపొద్దు. ఇందులో ప్రతి మాటకీ పనుంది. “ఇవ్వలేనండీ” అన్నాం, “కష్టమండీ” అనలేదు. మన భాషలో “కష్టమండీ” అంటే ఇంకొంచెం లాగితే వస్తుందని అర్థం. “చూద్దాం లెండి” అంటే అయితే సగం ఒప్పుకున్నట్టే. “మా ఆయన్ని అడిగి చెబుతా” అన్నారంటే సాయంత్రానికి మళ్లీ ఫోన్ ఖాయం. వద్దనుకుంటే “ఇవ్వలేనండీ”, “కుదరదండీ”. సారీ చెప్పాల్సిన పని కూడా లేదు, మీరేం తప్పు చేశారని?

రెండోది పిలుపు. ఆయన “అక్కా” అన్నాడు కదా అని మీరు “తమ్ముడూ” అనకండి. ఇది మర్యాద సంగతి కాదు, బేరం సంగతి. తమ్ముడూ అన్న మరుక్షణం “తమ్ముడికి ఆ మాత్రం తగ్గించరా అక్కా” అని వస్తుంది, దానికి మన దగ్గర జవాబుండదు. “అండీ” దగ్గరే ఆగిపోతే గౌరవమూ ఉంటుంది, దూరమూ ఉంటుంది. వయసులో చిన్నవాడని అనిపించినా “మీరు” అనే రాయండి.

ఇక అంకె. ఆయన 4,000 అన్నాడని మీరు ఓ మెట్టు దిగి “పోనీ 10,000కి తీసుకోండి” అనకండి. ఇంత తక్కువ అడిగేవాళ్ల ధ్యాస మధ్య అంకె మీద ఉంటుంది. 11,500కీ 4,000కీ మధ్య 7,750. మీరు 10,000కి దిగితే మధ్య 7,000 అయిపోతుంది. ఆయన ఒక్క రూపాయి పెంచకముందే మీరు మీ ఆఖరి అంకె దాకా జారిపోయారన్నమాట. మెషీన్ కళ్లారా చూడని మనిషికి ఒక్క రూపాయి కూడా తగ్గించొద్దు. తగ్గింపు ఇంటికొచ్చి చూసినవాళ్లకి. అందుకే చివర్లో “రండి, తిప్పి చూపిస్తాను” అని పెట్టాం. నిజంగా కొనేవాళ్లయితే ఆ మాటకి టైమ్ అడుగుతారు. ఒకేసారి ఇరవై మందికి 4,000 అని పంపేవాళ్లయితే అక్కడితో ఆగిపోతారు. ఎవరు ఎవరో మీరు కనిపెట్టక్కర్లేదు, ఆ ఒక్క వాక్యం చూసుకుంటుంది.

ఆయన మళ్లీ “5000 ఫైనల్ అక్కా, క్యాష్ ఇప్పుడే” అంటాడు. దాదాపు ఖాయం. అప్పుడు:

“ఆ ధరకి కుదరదండీ. మీ నంబర్ దగ్గర పెట్టుకుంటాను. ఇక్కడ అమ్ముడుపోకపోతే నేనే మెసేజ్ పెడతాను.”

ఆ తర్వాత ఆయన ఏం రాసినా జవాబివ్వకండి. మూడోసారి కారణాలు చెప్పడం మొదలుపెడితే ఆ కారణాలతోనే బేరం మొదలవుతుంది. “రిపేర్ రాలేదు” అంటే “నాలుగేళ్లయింది, ఇక వస్తుంది” అంటాడు. ఒప్పించాల్సిన బాధ్యత మీది కాదు. నంబర్ మాత్రం “వాషింగ్ మెషీన్ ట్రాలీ” అని సేవ్ చేసుకోండి. పేరుతో సేవ్ చేస్తే 20 రోజుల తర్వాత ఎవరో గుర్తుండదు.

అందరూ షాపువాళ్లే ఉండరు. “అక్కా, పీజీ మానేసి రూమ్ తీసుకున్నాం, బడ్జెట్ 6,000” అని కుర్రాళ్లు అడగొచ్చు. వాళ్లకీ అదే మెసేజ్, 4,000 చోట 6,000 అని మార్చి. మనసొప్పితే చివర ఒక వాక్యం కలపొచ్చు: “మీ బడ్జెట్‌లో టాప్ లోడ్ సెమీ ఆటోమేటిక్ చూడండి, దొరుకుతుంది.” నేనైతే కలుపుతాను. వాళ్లు ఆడేది బేరం కాదు, నిజంగానే అంతే ఉంటుంది వాళ్ల దగ్గర.

ఇంటికి వచ్చే ఒకరిద్దరి ముందు అసలు బేరం జరుగుతుంది కాబట్టి దానికి రెండు పనులు ముందే చేసుకోండి. మొదటిది డ్రమ్ము. తలుపు తెరిచి, లోపలి స్టీలు డ్రమ్ము పై అంచు పట్టుకుని పైకి లేపినట్టు కదపండి. డ్రమ్ము, దాని బయటి తొట్టి కలిసి ఊగితే ఫర్వాలేదు, అవి స్ప్రింగుల మీదే వేలాడుతుంటాయి. లోపలి డ్రమ్ము ఒక్కటే టక్కు టక్కుమని ఆడితే బేరింగ్ అరిగినట్టు. చేత్తో తిప్పితే గరగరమన్నా, స్పిన్‌లో విమానం లేస్తున్నట్టు మోత వచ్చినా అదే. తెలిసిన మెకానిక్ చెక్ చేసేది కూడా ఇదే, పది సెకన్ల పని. మీది నిశ్శబ్దంగా తిరిగితే వచ్చినవాళ్ల చేతనే తిప్పించండి. వీడియో కన్నా, బిల్లు కన్నా అది ఎక్కువ పనిచేస్తుంది. ఒకవేళ ఆడుతుంటే దాచకండి, 2,000 తగ్గించి ముందే చెప్పండి. షాపతని లెక్కలో ఆ 2,000 ఎందుకుందో చూశారుగా.

రెండోది వెనకవైపు. ఫ్రంట్ లోడ్ కొత్తగా వచ్చినప్పుడు డ్రమ్ము కదలకుండా వెనకనుంచి పొడవాటి బోల్టులు బిగించి ఉంటాయి, సాధారణంగా నాలుగు. ట్రాన్సిట్ బోల్టులంటారు. ఇన్‌స్టాల్ చేసిన అబ్బాయి వాటిని విప్పి, కన్నాలకి ప్లాస్టిక్ మూతలు పెట్టి, బోల్టుల్ని కవర్లో వేసి మీ చేతికిచ్చి ఉంటాడు. మాన్యువల్‌తో పాటు ఏ సొరుగులోనో ఉంటాయి, వెతకండి. అవి లేకుండా మెట్ల మీంచి దింపి ట్రాలీలో వేస్తే డ్రమ్ము లోపల ఇటూ అటూ కొట్టుకుని స్ప్రింగులో, డ్యాంపర్లో దెబ్బతినొచ్చు. సంగతి తెలిసిన కొనుగోలుదారు మొదట అడిగేది వాటినే. దొరికితే ప్రకటనలోనూ, పైన చెప్పిన మెసేజ్‌లోనూ “ట్రాన్సిట్ బోల్టులు ఉన్నాయి” అని కలపండి. దొరక్కపోతే ఆ మాట ఎత్తకండి, అడిగితే లేవని చెప్పండి. కొన్నవాళ్లకి ఇంకోటి కూడా చెప్పి పంపండి: ఇంటికెళ్లాక బోల్టులు విప్పకుండా ఆన్ చేస్తే మెషీన్ గది అంతా గంతులేస్తుంది.

రబ్బరు మడతల్లో నల్లటి మచ్చలుంటే ముందురోజు తుడిచెయ్యండి. ఎంత తుడిచినా కొంత మిగులుతుంది. దాన్ని చూపించి “వెయ్యి తగ్గించండి” అంటారు. “అది చూసే 11,500 చెప్పామండీ” అనండి. తర్వాత మూడో అంతస్తు సంగతి వస్తుంది. మనుషుల కూలి 600 అనుకున్నాం కదా, అదే మీ చేతిలో ఉన్న తగ్గింపు. “దింపడానికయ్యేది మేం పెట్టుకుంటాం” అంటే కొనేవాళ్లకి వెయ్యి తగ్గినట్టుంటుంది, మీకు పోయేది 600. ఒప్పుకున్నాక వెయ్యి రూపాయలు అడ్వాన్స్ తీసుకోండి. “రేపు వస్తాం” అని వెళ్లినవాళ్ల కోసం రెండు రోజులు ఇతరులకి వద్దని చెప్పి కూర్చోవడం కన్నా పెద్ద నష్టం లేదు.

తక్కువ అడిగినవాళ్ల మీద కోపం వస్తుంది గానీ, జాగ్రత్త పడాల్సింది అసలు బేరమాడని వాళ్ల దగ్గర. “11,500 ఓకే, చూడక్కర్లేదు, ఆర్మీలో చేస్తున్నా, మా మనిషి వచ్చి తీసుకెళ్తాడు, డబ్బు పంపడానికి ఈ క్యూఆర్ స్కాన్ చెయ్యండి” అని మెసేజ్ వస్తే అది మోసమే. క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొడితే మన ఖాతాలోంచి పోతుంది తప్ప మనకి రాదు. డబ్బు మనకి రావడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. పొరపాటున పోతే వెంటనే 1930కి ఫోన్ చెయ్యండి. ఆ లెక్కన 4,000 అడిగిన ట్రాలీ ఆయన నిజాయితీపరుడు.

మీ ఆయన మాట కూడా పూర్తిగా తీసెయ్యలేం. ఆయన చెప్పింది తప్పు కాదు, తొందర. ఇవాళ 10 అనుకుంటే, 20 దాకా 11,500 మీదే ఉండండి. అప్పటికి పోకపోతే ప్రకటనలో 10,500 చెయ్యండి, శని ఆదివారాలు చూసుకుని. పని రోజుల్లో మెసేజ్‌లొస్తాయి గానీ మనుషులు రారు. 26కి కూడా ఇంట్లోనే ఉంటే అప్పుడు ఇద్దరి అంకె 8,000కి దించుకోండి. 27 సాయంత్రానికి ఏదీ తేలకపోతే సేవ్ చేసిన నంబర్ తెరిచి, డ్రమ్ము తిరిగే వీడియోతో పాటు ఇలా పంపండి:

“నమస్తే అండీ. వాషింగ్ మెషీన్ ఇంకా ఉంది. బేరింగ్ బాగుంది, వీడియో పంపిస్తున్నాను చూడండి. 6,500కి తీసుకుంటానంటే ఎల్లుండి రండి.”

బేరింగ్ కోసం పక్కన పెట్టిన 2,000 ఆయనకి మిగిలింది కాబట్టి 5,000 దగ్గరే పట్టుకుని కూర్చోడు, 5,500కో 6,000కో తేలుతుంది. ఆయన బయల్దేరేముందు దింపే మనుషుల్ని ఆయనే తెచ్చుకుంటాడో లేదో అడిగి రాయించుకోండి. వాళ్లొచ్చే గంట ముందు కుళాయి కట్టేసి, మెషీన్ కింద మూలనున్న చిన్న మూత తీసి, ఫిల్టర్ విప్పి లోపల నిలిచిన నీళ్లు పళ్లెంలోకి వదిలెయ్యండి. లేదంటే మూడు అంతస్తుల మెట్లూ తడిసి, కింద ఓనరమ్మకి మీరు సమాధానం చెప్పుకోవాల్సి వస్తుంది.